ఉద్యోగం పోయిన కిరాయిదారు ఇంటాయనకు రాసిన ఉత్తరం: ఒక జడ్చర్ల కేసు

మహబూబ్‌నగర్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే నాలాంటి వకీళ్ల దగ్గరికి కిరాయి గొడవలు సాధారణంగా చెడిపోయాకే వస్తాయి. మూడు నాలుగు నెలల బాకీ పేరుకుని ఉంటుంది, ఓనర్ మోటర్ ఆపేసి ఉంటాడు, ఇద్దరి మధ్య మాటలు ఉండవు. అప్పుడు ఉత్తరం రాసినా అది ఉత్తరం కాదు, జవాబు నోటీసే. ఈ కేసు అందుకు భిన్నంగా ఉంది కాబట్టే రాస్తున్నాను. ఇందులో కిరాయిదారు ఒక్క నెల కూడా బాకీ పడకముందే వచ్చాడు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

అతను పోలేపల్లి వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. చేతికి వచ్చేది నెలకు 21,000. ఆగస్టు 31తో కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ రాయలేదు. జడ్చర్లలోని బాదేపల్లిలో ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో పై పోర్షన్‌లో భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటున్నాడు. కిరాయి 7,500, అడ్వాన్స్ 15,000. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలల అగ్రిమెంటు, అది జనవరి ఆఖరుకు అయిపోతుంది. నెల గడిచాక 5వ తారీఖు లోపు కిరాయి కట్టాలి, కాగితం తిరగరాసేటప్పుడు పది శాతం పెంచాలి, రెండు నెలల కిరాయి ఆగితే ఖాళీ చేయమనే హక్కు ఓనర్‌కు ఉంటుంది అని అందులో ఉంది. మన దగ్గర నూటికి తొంభై అగ్రిమెంట్లు ఇట్లాగే ఉంటాయి.

అతను వచ్చేటప్పటికే ఒక ఉత్తరం రాసుకుని తెచ్చాడు. నోట్‌బుక్ కాగితం, రెండు పేజీలు. మొదటి పేజీ అంతా కష్టాలు: తండ్రి ఆపరేషన్, చెల్లె పెళ్లికి చేసిన అప్పు, కంపెనీ వాళ్లు చేసిన అన్యాయం. రెండో పేజీలో 'మీరు మాకు దేవుడిలాంటివారు, దయచేసి కొంతకాలం కిరాయి కొంత తగ్గించగలరని ప్రార్థన' అని ఉంది. కింద ఇంకో వాక్యం, ఇది ఎవరో దోస్తు చెప్పి రాయించినట్టుంది: 'కరోనా టైంలో ప్రభుత్వం కిరాయి అడగొద్దని చెప్పింది కాబట్టి చట్ట ప్రకారం కూడా మీరు సహకరించాలి.'

ముందు ఆ చట్టం సంగతి తేల్చాను, ఎందుకంటే అతని ధైర్యమంతా ఆ ఒక్క వాక్యం మీదే ఉంది. 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఆదేశంలో కూలీలు, వలస కార్మికుల దగ్గర ఒక నెల కిరాయి అడగొద్దని ఉన్న మాట నిజం. అదే ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూడా మార్చి, ఏప్రిల్, మే కిరాయిలు అప్పుడే వసూలు చేయొద్దంది. కానీ అది మాఫీ కాదు, వాయిదా. ఆ తర్వాత విడతలుగా కట్టాల్సిందే. అదీ విపత్తు సమయంలో, ఆ నెలలకు మాత్రమే. ఆ ఏడాదే ఢిల్లీ హైకోర్టు రామానంద్ వర్సెస్ డాక్టర్ గిరీష్ సోనీ కేసులో లాక్‌డౌన్ పేరుతో కిరాయి నిలిపేయమంటే ఒప్పుకోలేదు. కట్టే గడువు కొంచెం సడలించడానికి మాత్రం ఒప్పుకుంది. లాక్‌డౌన్‌లోనే అంత. ఇప్పుడు ఒక ప్రైవేటు ఉద్యోగం పోయిందని కిరాయి తగ్గించాలని చెప్పే చట్టం ఏదీ లేదు.

రెంట్ కంట్రోల్ చట్టం రక్షిస్తుందేమోనని కొందరు అడుగుతారు. 1960 నాటి ఆ చట్టం మన రాష్ట్రంలో ఉంది కానీ, 2005 సవరణతో మున్సిపల్ కార్పొరేషన్లలో 3,500 దాటిన కిరాయిలు, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయిలు దాని పరిధిలోంచి బయటికి పోయాయి. జడ్చర్లలో 7,500 కిరాయి ఇంటికి అది వర్తించదు. మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 106వ సెక్షన్ ప్రకారం నెలనెలా కిరాయికి ఉండేవాళ్లను 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. అగ్రిమెంటులో వేరే గడువు ఉంటే అది చూస్తారు. అంటే ఓనర్ చేతిలో బలం ఉంది, కిరాయిదారు చేతిలో లేదు. చట్టం చూపించి గెలిచే కేసు కాదని అతనికి అర్థం కావాలి, లేకపోతే ఉత్తరం గొంతే తప్పు పడుతుంది. 'మీరు సహకరించాలి' అనే మాటకు ఏ ఓనరైనా ముందు కొడుక్కి ఫోన్ చేస్తాడు, తర్వాత వకీలుకు చేస్తాడు.

ఉత్తరంలో అంతకంటే పెద్ద లోపం 'కొంతకాలం', 'కొంత' అనే రెండు మాటలు. ఓనర్ చెవికి అవి ఎట్లా వినిపిస్తాయో ఆలోచించాలి. ఎంత తగ్గించాలో తెలియదు, ఎప్పటిదాకానో తెలియదు, తగ్గిన డబ్బు పోయినట్టా తర్వాత వస్తుందా అన్నది అసలే తెలియదు. తెలియని దానికి ఒప్పుకోవడం కంటే వద్దనడమే సులువు. జాలి ఉన్నా సరే వద్దంటారు. కిరాయి తగ్గింపు ఉత్తరం నిలబడేది ఈ మూడింటి మీదే: అంకె, తేదీ, తేడా డబ్బు గతి. కష్టాల గురించి రెండు వాక్యాలు చాలు.

అంకె ఎట్లా తేల్చామో చెప్తాను, ఎందుకంటే అందరూ ఇక్కడ 'సగం' అనేస్తారు. సగం అడగడం అలవాటు, లెక్క కాదు. ఇంటి ఖర్చు రాయమంటే బియ్యం, కిరాణా, పాలు, గ్యాస్, కరెంటు, పెట్రోలు, ఫోన్లు కలిపి 10,500 రాశాడు. స్కూలు ఫీజు ఆ టర్ముకు కట్టేసి ఉంది. నెలకు 2,000 చీటీ కడుతున్నట్టు మాటల్లో బయటపడింది. అది పొదుపే కదా, ఖర్చు కాదు కదా అన్నాడు. జేబులోంచి పోతున్నంతకాలం ఖర్చే. మధ్యలో ఆపితే కట్టింది కూడా సమయానికి చేతికి రాదు. అంటే కిరాయి కాకుండా నెలకు 12,500. రాబడి చూస్తే భార్య మిషన్ కుడుతుంది, బ్లౌజులు, ఫాల్స్ మీద 5,000 వరకు. అతను రోజులు పట్టి ఆటో నడిపితే, క్యాటరింగ్‌కు పోతే 3,000. మొత్తం 8,000. కిరాయి లేకుండానే నెలకు 4,500 తక్కువ. చేతిలో 36,000 ఉంది. పీఎఫ్ డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు పూర్తి కిరాయి 7,500 కడితే నెలకు 12,000 కరుగుతుంది. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ మూడు నెలలకు 36,000 సరిగ్గా అయిపోయి చేతిలో సున్నా. 4,500 కడితే నెలకు 9,000 చొప్పున 27,000 పోతుంది, 9,000 మిగులుతుంది. కిరాయి మూడు వేలు తగ్గినా కొత్తగా ఎన్నో నెలలు కలిసిరావని ఈ లెక్కలో తేలింది. వచ్చేది ఇంకో నెల గాలి మాత్రమే. ఇది చూసి అతని ముఖం వాడిపోయింది. కానీ దీనివల్లే ఉత్తరం సరైన దారిలో పడింది. ఆరు నెలలు తగ్గించమని అడగడం తన బతుకుకే సరిపోదు. మూడు నెలల్లో ఉద్యోగం రావాలి, రాకపోతే ఆ మిగిలిన తొమ్మిది వేలతో చిన్న ఇంటికి మారాలి. ఓనర్‌ను అడగాల్సింది ఆ మూడు నెలలే.

ఓనర్ వైపు లెక్క కూడా చేసుకున్నాం. పైన ఇల్లు ఖాళీ అయితే రంగులు వేయించాలి, టు లెట్ బోర్డు పెట్టాలి, ఒక నెల ఖాళీగా ఉండటం మామూలే. అవి కలిపితే ఆయనకు పది పన్నెండు వేలు పోయినట్టే. మూడు వేల చొప్పున మూడు నెలల తగ్గింపు 9,000. అంటే ఉంచుకోవడమే ఆయనకు కూడా నష్టం తక్కువ. ఈ లెక్కను ఉత్తరంలో మాత్రం రాయనివ్వలేదు. కాగితం మీద అది 'మేం పోతే మీకే నష్టం' అన్నట్టు చదువుకుంటారు. రిటైర్డ్ పంతులుకు అట్లా రాస్తే ఉత్తరం అక్కడికక్కడే మడిచి పెడతాడు. ఆయన లెక్క ఆయనకు తెలుసు.

ఇక అడ్వాన్స్. చాలామంది కిరాయిదారులు ముందు చెప్పేదే ఇది: 'అడ్వాన్స్‌లో పట్టుకోండి సార్.' ఓనర్‌కు ఇది వినడానికి ఇష్టం ఉండదు. ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క భరోసా అడ్వాన్స్. నెలనెలా అందులోంచి కరిగిస్తే, రేపు కిరాయిదారు చెప్పకుండా పోతే ఆయనకేం మిగలదు. కిరాయిదారుకు కూడా వేరే ఇంటికి పోయేటప్పుడు ఆ డబ్బే కొత్త అడ్వాన్స్ అవుతుంది. అందుకే అడ్వాన్స్‌ను ముట్టుకోకుండా, వాయిదా పడ్డ డబ్బుకు పూచీగా చూపించాం. ఉత్తరంలో ఓనర్‌కు నచ్చింది ఇదేనని తర్వాత తెలిసింది.

ఉత్తరం అతనే చేతిరాతతో తెల్ల కాగితం మీద రాశాడు. నా లెటర్‌హెడ్ మీద ఇమ్మని అడిగాడు కానీ ఇవ్వలేదు. వకీలు పేరు కనిపించగానే అది ఉత్తరం కాదు, నోటీసు అయిపోతుంది. పేర్లు తీసేసి మొత్తం ఇస్తున్నాను.

'జడ్చర్ల, సెప్టెంబర్ 20.

సార్ గారికి, మీ ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి ఉంటున్న నేను నమస్కరించి రాసుకున్నది.

నేను పనిచేసే కంపెనీలో కాంట్రాక్టు అయిపోయి ఆగస్టు 31తో నా ఉద్యోగం పోయింది. కంపెనీ ఇచ్చిన కాగితం జిరాక్స్ దీనికి జత చేశాను. వేరే పని కోసం కొత్తూరు, షాద్‌నగర్ వైపు తిరుగుతున్నాను. ఆగస్టు వరకు కిరాయి మొత్తం కట్టాను, ఈ రోజుకు మీకు నేను బాకీ ఏమీ లేను.

సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ ఈ మూడు నెలలకు మాత్రం 7,500 బదులు నెలకు 4,500 తీసుకోవాలని కోరుతున్నాను. ఎప్పటిలాగే 5వ తారీఖు లోపు కడతాను. తగ్గే 3,000లో సగం, అంటే నెలకు 1,500, మాఫీ చేయమని అడుగుతున్నాను. మిగతా సగం మూడు నెలలకు కలిపి 4,500 అవుతుంది. ఉద్యోగం దొరికాక రెండో జీతం నుంచి నెలకు 750 చొప్పున ఆరు నెలల్లో కిరాయితో కలిపి కడతాను.

అడ్వాన్స్ 15,000 మీ దగ్గరే ఉంటుంది, దాన్ని నెల కిరాయిలో పట్టుకోమని అడగడం లేదు. నేను ఖాళీ చేసేనాటికి పై 4,500లో ఏమైనా మిగిలి ఉంటే అప్పుడు అడ్వాన్స్‌లో పట్టుకోవచ్చు. కరెంటు బిల్లు, నీళ్ల డబ్బులు ఎప్పటిలాగే నేనే కడతాను.

అగ్రిమెంటు ప్రకారం కిరాయి 7,500 అట్లాగే ఉంటుంది. డిసెంబర్ నుంచి పూర్తిగా కడతాను. పెంచేటప్పుడు 7,500 మీదనే లెక్కేసుకోవచ్చు. మధ్యలోనే ఉద్యోగం దొరికితే మీకు చెప్పి ఆ పై నెల నుంచి పూర్తి కిరాయి కడతాను. నవంబర్ 30 వరకు దొరకకపోతే ఆ రోజే మీకు చెప్పి, డిసెంబర్ 31 లోపు ఇల్లు ఖాళీ చేసి ఇస్తాను.

వచ్చే ఆదివారం పొద్దున మీకు వీలైతే వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,' అని సంతకం.

ఇందులో మూడు వాక్యాల గురించి కొంచెం చెప్పాలి.

'ఈ రోజుకు బాకీ ఏమీ లేను' అన్నది ఉత్త మర్యాద కాదు. సంతకం పెట్టి బాకీ ఉందని రాస్తే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద అది బాకీ ఒప్పుకోలు అవుతుంది, ఆ రోజు నుంచి మూడేళ్ల గడువు కొత్తగా మొదలవుతుంది. అందుకని బాకీ ఉంటే ఉన్నంతే రాయాలి, లేకపోతే లేదని రాయాలి. 'ఇంతకుముందు కూడా లేటయ్యాయి, క్షమించాలి' లాంటి మాటలు వినయంగా ఉంటాయి కానీ రేపు కోర్టులో అవే చదువుతారు.

'పెంచేటప్పుడు 7,500 మీదనే' అన్న వాక్యం ఓనర్ అడగకముందే రాయించాను. తగ్గించిన కిరాయే పర్మినెంట్ అవుతుందేమో అన్నది ఓనర్ల అసలు భయం. 4,500 మీద పది శాతం పెంచితే 4,950 అవుతుంది, 7,500 మీద పెంచితే 8,250. ఈ తేడా ఆయన మనసులో తిరుగుతుంది, పైకి అనడు. ముందే రాసేస్తే ఆ మాట అక్కడితో తెగిపోతుంది.

ఖాళీ చేస్తానన్న వాక్యం అన్నిటికంటే బరువైనది. చేయగలిగితేనే రాయాలి. రాసి తప్పితే ఓనర్ వకీలు మొదట బయటికి తీసేది ఆ కాగితమే. అతనికి పిల్లల స్కూలు మధ్యలో ఉంది, భార్యకు కుట్టు గిరాకీ అంతా ఆ వీధిలోనే ఉంది. రాయాలా వద్దా అని ఇద్దరూ ఇంటికి పోయి మాట్లాడుకుని వచ్చి, రాద్దాం అన్నారు. భార్య అన్న మాట: 'మూడు నెలలకు పని దొరకకుంటే మేం ఎట్లైనా గా ఇంట్ల ఉండలేం కద సార్.' లెక్క చూసిన మనిషి మాట అది.

ఉత్తరం ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా చిన్న విషయం కాదు. కిరాయి తేదీ దాటాక ఇస్తే సాకులా ఉంటుంది. 5వ తారీఖుకు రెండు వారాల ముందు ఇవ్వమన్నాను. శుక్రవారం మాత్రం వద్దన్నాను. లక్ష్మీదేవి రోజని శుక్రవారం ఇంట్లోంచి డబ్బు పోయే మాట వినడానికి ఇష్టపడని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ ఇంట్లో పూజలు గట్టిగా చేస్తారని అతనే చెప్పాడు. శనివారం సాయంత్రం కింద పోర్షన్‌కు పోయి చేతికి ఇచ్చాడు. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం అడిగితే సార్ ముఖం మారింది. 'సంతకం ఎందుకయ్యా, ఇదేమన్నా నోటీసా?' అన్నాడు. ముందే చెప్పి ఉంచాను కాబట్టి అతను పట్టుబట్టకుండా ఊరుకుని, పైకి వచ్చాక ఉత్తరం ఫోటో వాట్సాప్‌లో పెట్టి, 'ఇందాక ఇచ్చిన ఉత్తరం సార్' అని రాశాడు. రెండు నీలి టిక్కులు పడ్డాయి. ముట్టిందనడానికి అది చాలు.

రాత్రికి జవాబు వచ్చింది: 'సరే చూద్దాం.' అతను సంతోషంగా ఫోన్ చేశాడు. చూద్దాం అంటే ఒప్పుకున్నట్టు కాదు. దాన్ని నమ్ముకుని 5వ తారీఖున 4,500 వేస్తే, మిగతా 3,000 బాకీ కింద ఆయన పుస్తకంలో పడుతుంది. తక్కువ డబ్బు తీసుకుని ఓనర్ ఊరుకున్నంత మాత్రాన మిగతాది వదులుకున్నట్టు కాదు. కాబట్టి ఆదివారం తేలాల్సిందే అన్నాను.

ఆదివారం సార్, మేడం ఇద్దరూ కూర్చున్నారు. హైదరాబాద్‌లో ఉండే కొడుకు స్పీకర్ ఫోన్‌లో ఉన్నాడు. కొడుకు మొదటి మాట, 'ఇవాళ మూడు నెలలంటరు, రేపు ఆరు నెలలైతయి. ఇప్పుడే ఖాళీ చేయమనుండ్రి నాన్న.' సార్ ఉత్తరంలో డిసెంబర్ 31 అన్న చోట వేలు పెట్టి చదివి వినిపించాడు. తర్వాత అడ్వాన్స్ వాక్యం చదివాడు. కొడుకు కాసేపు ఆగి, మాఫీ మాత్రం వద్దు, ఎంత తగ్గినా అంతా తర్వాత కట్టాలి అన్నాడు. ఇక్కడ మేడం కల్పించుకుంది. అతని భార్య ఆమె బ్లౌజులు కుడుతుంది, పండుగ పూట పిండివంటలకు సాయం వస్తుంది. కొంచెం మాఫీ చేద్దాం అంది. చివరికి తేలింది ఇది: మూడు నెలలు 5,000 చొప్పున కట్టాలి. తగ్గే 2,500లో 500 మాఫీ, 2,000 వాయిదా. అంటే మాఫీ 1,500, వాయిదా 6,000. వాయిదా డబ్బు రెండో జీతం నుంచి నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలలు.

5,000 కిరాయికి మూడు నెలల్లో చేతి డబ్బులోంచి 28,500 పోతుంది, 7,500 మిగులుతుంది. ఇల్లు మారాల్సి వస్తే బండి కిరాయికి, కొత్త అడ్వాన్స్‌లో కొంత భాగానికి సరిపోతుంది. ఒప్పుకోమన్నాను. ఉత్తరంలో అడిగినదాని కంటే ఐదు వందలు ఎక్కువ కట్టాలి, మాఫీ కూడా తగ్గింది. కానీ ఓనర్ నోటి నుంచి వచ్చిన అంకెకు ఉండే నిలకడ వేరు.

సార్ దాన్ని ఆ ఉత్తరం వెనకాలే తన చేతిరాతతో నాలుగు వరుసల్లో రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. మొదట రెండో కాపీ మీద సంతకానికే ఒప్పుకోని మనిషి, షరతులు తాను చెప్పినవి కాగానే అడగకుండానే రాశాడు. రాసే ముందు ఉత్తరంలో ఒత్తు తప్పిన చోట్ల ఎర్ర పెన్నుతో దిద్దాడు కూడా. ఆ నాలుగు వరుసలకు చట్టపరంగా విలువ ఉంది. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం, రావాల్సినదాంట్లో కొంత వదులుకుంటానని గానీ, కట్టే గడువు పెంచుతానని గానీ ఒప్పుకోవడానికి బదులుగా ఏమీ తీసుకోనక్కరలేదు. ఒట్టి మాటకూ అది వర్తిస్తుంది, కానీ మాట అన్నట్టు ఎవరు చెప్తారు? అందుకే కాగితం. పదకొండు నెలల రిజిస్టర్ కాని అగ్రిమెంటుకు ఇట్లాంటి కాగితం సరిపోతుంది. మెయిన్ రోడ్డు మీద మడిగెలకు ఐదేళ్లు, పదేళ్లు రిజిస్టర్ చేసిన లీజులు ఉంటాయి. అక్కడ కిరాయి మారిస్తే అది కూడా రిజిస్టర్ కావాలా అన్న ప్రశ్న వస్తుంది కాబట్టి ఉత్తరం వెనక నాలుగు వరుసలతో సరిపెట్టకూడదు.

అక్టోబర్ 4న అతను మేడం ఫోన్ నంబరుకు 5,000 వేశాడు. నోట్ దగ్గర ఏమీ రాయలేదు. ఆ ఖాతా మెసేజీలు కొడుక్కి కూడా పోతాయి. అరగంటలో హైదరాబాద్ నుంచి ఫోన్: మిగతా రెండున్నర వేలు ఏవి? ఆదివారం మాట్లాడుకున్నది కొడుకు మరిచిపోయాడో, తండ్రి పూర్తిగా చెప్పలేదో. ఉత్తరం వెనకవైపు ఫోటో పంపిస్తే సర్దుకుంది. తర్వాతి నెల నుంచి నోట్‌లో 'అక్టోబర్ కిరాయి, ఒప్పుకున్న 5,000, వాయిదా 2,000' అని రాయడం మొదలుపెట్టాడు. ఆ చిన్న పెట్టెలో అన్ని అక్షరాలు పట్టకపోతే డబ్బు వేసిన వెంటనే వాట్సాప్‌లో అదే మాట పెట్టినా సరిపోతుంది.

నవంబర్ మధ్యలో అతనికి కొత్తూరు దగ్గర ఒక గోడౌన్‌లో పని దొరికింది, జీతం 17,000. ముందుకంటే నాలుగు వేలు తక్కువ. పని దొరికిన రోజే సార్‌కు చెప్పాడు. డిసెంబర్ నుంచి 7,500, జనవరి నుంచి దానితోపాటు వెయ్యి. ఫిబ్రవరిలో అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు పది శాతం అంటే 750 పెరగాలి. సార్ 500 పెంచి 8,000 చేశాడు. వాయిదా వెయ్యి కలిపితే నెలకు 9,000. పదిహేడు వేల జీతంలో సగం దాటిపోయింది. తగ్గింపు ఉత్తరంతో తీరే సమస్య కాదిది. ఆదాయమే తగ్గినప్పుడు ఇల్లే మారాలి. ఇంకోసారి తగ్గించమని రాద్దామా అని అడిగితే వద్దన్నాను. మొదటి ఉత్తరంలో 'డిసెంబర్ నుంచి పూర్తి కిరాయి' అని రాసిన మనిషి రెండు నెలలకే మళ్లీ తగ్గింపు అడిగితే, కొడుకు అన్న మాట నిజమైనట్టే.

పిల్లల పరీక్షలు అయిపోయాక, నెల ముందు చెప్పి, ఏప్రిల్ ఆఖరుకు ఖాళీ చేసి షాద్‌నగర్‌లో 5,500 కిరాయి ఇంటికి మారాడు. అప్పటికి నాలుగు విడతలు, 4,000 కట్టి ఉన్నాడు. వాయిదాలో మిగిలింది 2,000. రంగులకు 3,000 పట్టుకుంటామన్నారు, అగ్రిమెంటులో ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు. అడ్వాన్స్ 15,000లోంచి ఈ ఐదు వేలు పోగా 10,000 అదే రోజు చేతికి ఇచ్చారు. ఉత్తరం వెనక ఆ నాలుగు వరుసల కిందనే 'వాయిదా మొత్తం ముట్టింది, బాకీ లేదు' అని రాయించుకోమన్నాను. సార్ రాసిచ్చాడు, కాగితం ఫోటో కొడుక్కి కూడా పంపించారు.